సెల్పిప్‌లో ఆఫీసు ఇమెయిల్ రాయడం ఎలా: మర్యాద ఎంత, పొడవు ఎంత

కెనడా పీఆర్ కోసం సెల్పిప్ జనరల్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసేవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఒక్కటే. "రోజూ ఆఫీసులో మెయిల్స్ రాస్తూనే ఉంటాం కదా, మరి రైటింగ్‌లో స్కోరు ఎందుకు రావడం లేదు?" ముఖ్యంగా గచ్చిబౌలి, మాదాపూర్ వైపు కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఇలా అడుగుతారు. వాళ్ల మెయిల్స్ తీసి చూస్తే గ్రామర్ తప్పులు పెద్దగా ఉండవు. ఇబ్బంది మర్యాదలో ఉంటుంది. మేనేజర్‌కు రాసే మెయిల్‌లో పొగడ్త, వినయం, క్షమాపణ అన్నీ దండిగా ఉంటాయి. తీరా అసలు అడగాల్సిన చోటికి వచ్చేసరికి ఆర్డర్ వేసినట్టు ఉంటుంది. ఈ గైడ్ ఆ ఒక్క విషయం మీదే రాస్తున్నాను.

ముందు పరీక్ష సంగతి క్లుప్తంగా. సెల్పిప్ రైటింగ్‌లో రెండు టాస్కులు ఉంటాయి. మొదటిది ఇమెయిల్. దీనికి 27 నిమిషాలు ఇస్తారు, 150 నుంచి 200 పదాల మధ్య రాయమంటారు. మీరు రాసినదాన్ని దిద్దేటప్పుడు విషయం, దాని అల్లిక, పదాలు, సులువుగా చదవగలగడం చూస్తారు. వీటితో పాటు అడిగినవన్నీ రాశారా, టోన్ సరిపోయిందా, పొడవు సరిపోయిందా అన్నదీ చూస్తారు. సెల్పిప్‌లో వచ్చిన లెవెల్, కెనడా వాళ్లు భాషను కొలిచే సీఎల్‌బీ లెవెల్ ఒకే అంకె. పీఆర్‌కు ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలో వెళ్లాలంటే నాలుగు విభాగాల్లోనూ కనీసం 7 కావాలి. పాయింట్ల కోసం చాలామంది 9 మీద కన్నేస్తారు.

ఏమేం కావాలి

- కీబోర్డు ఉన్న కంప్యూటర్. పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే కాబట్టి ఫోన్‌లో ప్రాక్టీస్ చేస్తే లాభం లేదు.
- కాగితం, పెన్ను. ప్లాన్ రాసుకోవడానికి పరీక్షలోనూ కాగితం ఇస్తారు.
- 27 నిమిషాలకు పెట్టిన టైమర్.
- మీరు రాసింది చదివిపెట్టే మనిషి ఒకరు. ఆయనకు ఇంగ్లీష్ గొప్పగా రానక్కర్లేదు. ఆయన పనేమిటో చివర్లో చెబుతాను.

అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో దొరికే టెంప్లేట్ షీట్లు మాత్రం వద్దు. వాటిలో మొదటి రెండు వాక్యాలు ఏ ప్రశ్నకైనా అతికేలా ఉంటాయి, అంటే ఏ ప్రశ్నకూ జవాబు కాకుండా ఉంటాయి. ఉన్న 200 పదాల్లో 40 వాటికే పోతే చెప్పాల్సిన విషయానికి చోటు మిగలదు.

మనం పట్టుకునే ప్రశ్న

పరీక్షలో వచ్చే తరహాలోనే ఈ ప్రశ్న తయారుచేశాను. మీరు టొరంటోలో ఒక ఫర్నిచర్ కంపెనీలో కస్టమర్ సర్వీస్ విభాగంలో పనిచేస్తున్నారు. ఇప్పటిదాకా మీ డ్యూటీ ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు. వచ్చే నెల నుంచి టీమ్ అంతా మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకు పనిచేయాలని మేనేజర్ కార్టర్ మేడమ్ ప్రకటించారు. ఆమెకు ఇమెయిల్ రాయాలి. అందులో మూడు పనులు చేయాలి: కొత్త షిఫ్టు వల్ల మీకు వచ్చే ఇబ్బంది చెప్పాలి, పనికి వచ్చే ఇబ్బంది చెప్పాలి, ఒక పరిష్కారం సూచించాలి.

దీనికి మనవాళ్లు మామూలుగా రాసే జవాబు ఇలా మొదలవుతుంది:

"రెస్పెక్టెడ్ మేడమ్, ఐ హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ ఇన్ ద బెస్ట్ ఆఫ్ హెల్త్. విత్ రిఫరెన్స్ టు ద అబోవ్ సబ్జెక్ట్, ఐ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్ దట్ ద న్యూ షిఫ్ట్ టైమింగ్స్ ఆర్ నాట్ సూటబుల్ ఫర్ మీ. కైండ్లీ చేంజ్ మై షిఫ్ట్ అండ్ డూ ద నీడ్‌ఫుల్ ఎట్ ద ఎర్లియెస్ట్."

గ్రామర్ పరంగా దీన్ని పెద్దగా పట్టుకోలేం. కానీ ఇది చదివే కెనడా మేనేజర్ స్థానంలో కూర్చుని చూడండి. మొదటి రెండు వాక్యాల్లో షిఫ్టు కుదరదన్న ముక్క తప్ప ఆమెకు తెలిసిందేమీ లేదు. "అబోవ్ సబ్జెక్ట్" అన్నారు కానీ పైన సబ్జెక్ట్ లైనే లేదు, ఎందుకంటే పరీక్షలో మెయిల్ బాడీ మాత్రమే రాస్తాం. షిఫ్టు ఎందుకు కుదరదో లేదు. చివర్లో రెండు ఆర్డర్లు ఉన్నాయి. వినయం అంతా పైపైన ఉండిపోయింది, ఆర్డర్ మాత్రం ఆమె చేతికి సూటిగా అందింది. ఇప్పుడు దీన్ని మొదటి నుంచి కడదాం.

1. ఎవరికి రాస్తున్నారో ముందు తేల్చుకోండి (2 నిమిషాలు)

కీబోర్డు మీద చేయి వేయకముందే కాగితం మీద రెండు సంగతులు రాయండి. చదివే మనిషి ఎవరు? నేను అడిగింది ఆమె కాదనగలదా?

రెండో ప్రశ్నే టోన్ తేలుస్తుంది. మేనేజర్ కాదనగలదు. అందుకే ఆమెకు ఒప్పుకోవడానికి ఒక కారణం, కాదనడానికి కొంచెం చోటు రెండూ ఇవ్వాలి. పాడైన సోఫా పంపిన షాపువాడు రూల్ ప్రకారం కాదనలేడు. అక్కడ మర్యాదతో పాటు గట్టిదనం కావాలి. పక్క సీటు సహోద్యోగికి రాస్తుంటే పేరు పెట్టి పిలిచి నేరుగా అడగొచ్చు. ఈ మూడింటికీ ఒకే టెంప్లేట్ వాడితే రెండు చోట్ల టోన్ తప్పుతుంది.

2. ఒక్కో పాయింటుకు ఒక గట్టి వివరం పెట్టుకోండి (3 నిమిషాలు)

ప్రశ్నలోని మూడు పాయింట్లను కాగితం మీద మూడు గీతలుగా రాయండి. ఒక్కో గీత పక్కన కల్పించిన వివరం ఒకటి రాయండి. ఇక్కడ నిజం చెప్పాలన్న నియమం లేదు, నమ్మేలా ఉంటే చాలు.

మన ప్రశ్నకు నేనైతే ఇలా రాసుకుంటాను. నాకు ఇబ్బంది: మంగళ, గురువారాల సాయంత్రం 6:30కి అకౌంటింగ్ క్లాసు. పనికి ఇబ్బంది: డెలివరీ గురించిన ఫిర్యాదులు ఎక్కువగా ఉదయం పదిలోపే వస్తాయి. పరిష్కారం: ఆ రెండు రోజులు పాత షిఫ్టు, మిగతా మూడు రోజులు కొత్త షిఫ్టు.

చాలామంది ఇక్కడ "పర్సనల్ రీజన్స్" లేదా "సమ్ ఫ్యామిలీ ఇష్యూస్" అని రాసి ఊరుకుంటారు. మన ఆఫీసుల్లో అది నడుస్తుంది, మేనేజర్ కూడా లోతుగా అడగడు. పరీక్షలో అలా రాస్తే మొదటి పాయింటు సగమే చెప్పినట్టు. వాక్యాలు ఒకదాన్నుంచి ఒకటి పుట్టాలంటే ఒక రోజు, ఒక టైమ్, ఒక కారణం ఉండాలి.

హెచ్చరిక: మరీ పెద్ద కథ అల్లకండి. ఆసుపత్రి, ఆపరేషన్, అమ్మ ఒంటరితనం అన్నీ కలిపితే వాటిని వివరించడానికే పదాలు అయిపోతాయి. క్లాసు, బస్సు, పిల్లల స్కూలు లాంటి చిన్న కారణాలు తక్కువ మాటల్లో తేలిపోతాయి.

3. సంబోధన

"డియర్ మిజ్ కార్టర్" చాలు, తర్వాత కామా. మిసెస్ అనీ మిస్ అనీ ఊహించకుండా మిజ్ వాడితే ఆమెకు పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే రాదు.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు మిస్టర్ పక్కన మొదటి పేరు పెట్టడం. ప్రశ్నలో రాబర్ట్ విల్సన్ అని ఉంటే "డియర్ మిస్టర్ రాబర్ట్" అని రాసేస్తారు. మనకు పిలిచే పేరు పక్కన గారు చేర్చడం అలవాటు కాబట్టి చేయి అలా వెళ్లిపోతుంది. ఇంగ్లీష్‌లో మిస్టర్ పక్కన ఇంటిపేరే రావాలి: "డియర్ మిస్టర్ విల్సన్". పేరే ఇవ్వకపోతే "డియర్ సర్ ఆర్ మేడమ్" లేదా "డియర్ మేనేజర్" అని రాయండి. "రెస్పెక్టెడ్ సర్" స్కూల్లో సెలవు చీటీకి నేర్పిన మాట, అక్కడితో దాన్ని వదిలేయండి. సంబోధనలో ఒకసారి గౌరవం చూపించాక మధ్య వాక్యాల్లో మళ్లీ మళ్లీ సర్, మేడమ్ అక్కర్లేదు.

4. మొదటి పేరా: విషయం, ఒక అంగీకారం

మొదటి వాక్యంలోనే ఎందుకు రాస్తున్నారో చెప్పండి. రెండో వాక్యంలో ఎదుటివాళ్ల నిర్ణయం వెనక ఉన్న కారణాన్ని ఒప్పుకోండి.

"ఐ యామ్ రైటింగ్ అబౌట్ ద న్యూ నూన్-టు-ఎయిట్ షిఫ్ట్ దట్ బిగిన్స్ నెక్స్ట్ మంత్. ఐ అండర్‌స్టాండ్ దట్ మోర్ కస్టమర్స్ కాల్ ఇన్ ద ఈవెనింగ్, బట్ ద చేంజ్ క్రియేట్స్ ఎ డిఫికల్టీ ఫర్ మీ, అండ్ ఐ వుడ్ లైక్ టు సజెస్ట్ ఎ వే అరౌండ్ ఇట్."

ఈ పేరాలో మర్యాద ఎక్కడుందో చూడండి. పొగడ్త లేదు, క్షేమసమాచారం లేదు. "సాయంత్రం ఎక్కువ కాల్స్ వస్తున్నాయని నాకు తెలుసు" అన్న ముక్కలో ఉంది. ఆమె పిచ్చి నిర్ణయం తీసుకోలేదని మీరు ఒప్పుకున్నారు. "యువర్ కైండ్ నోటీస్" అని పదిసార్లు రాసినా ఈ ఒక్క అంగీకారం చేసే పని చేయదు. పైగా చివర్లో పరిష్కారం రాబోతోందని ముందే చెప్పారు కాబట్టి ఆమె ఫిర్యాదు చదువుతున్నట్టు అనుకోదు.

5. మధ్య పేరాలు: ఒక పాయింటుకు ఒక పేరా

"సిన్స్ సెప్టెంబర్, ఐ హావ్ బీన్ టేకింగ్ యాన్ అకౌంటింగ్ కోర్స్ ఆన్ ట్యూస్‌డే అండ్ థర్స్‌డే ఈవెనింగ్స్. ద క్లాసెస్ స్టార్ట్ ఎట్ 6:30, అండ్ ద కాలేజ్ డజ్ నాట్ ఆఫర్ దెమ్ ఇన్ ద మార్నింగ్. ఇఫ్ ఐ మిస్ మోర్ దాన్ త్రీ క్లాసెస్, ఐ విల్ లూజ్ మై ప్లేస్, అలాంగ్ విత్ ద ఫీ ఐ హావ్ ఆల్‌రెడీ పెయిడ్."

"ఐ యామ్ ఆల్సో కన్సర్న్డ్ అబౌట్ ద మార్నింగ్ కాల్స్. మోస్ట్ డెలివరీ కంప్లెయింట్స్ కమ్ ఇన్ బిఫోర్ టెన్, అండ్ ఇఫ్ ద హోల్ టీమ్ స్టార్ట్స్ ఎట్ నూన్, దోజ్ కస్టమర్స్ విల్ హావ్ టు వెయిట్ ఫర్ అవర్స్."

ఈ పేరాల్లో మర్యాద మాటలు ఒక్కటీ లేవని గమనించండి. వివరాలు చెప్పేటప్పుడు సాదా వాక్యాలే రాయాలి. ప్రతి వాక్యం ముందూ "ఐ వుడ్ లైక్ టు ఇన్‌ఫార్మ్ యూ దట్" తగిలిస్తే ఊరికే ఏడు పదాలు పోతాయి, చదివేవాళ్లకు విసుగొస్తుంది.

"కాలేజ్ డజ్ నాట్ ఆఫర్ దెమ్ ఇన్ ద మార్నింగ్" అన్న ముక్క చిన్నదే కానీ పనికొచ్చేది. మేనేజర్‌కు వెంటనే తట్టే ప్రశ్న "మరి ఉదయం క్లాసుకు మారొచ్చుగా?" అన్నదే. అది ఆమె అడగకముందే జవాబు చెప్పేశారు. మీ ప్రశ్నలోనూ ఎదుటివాళ్లకు తట్టే మొదటి అభ్యంతరం ఏమిటో చూసుకుని దానికి అరవాక్యం కేటాయించండి.

రెండో పేరాను "ఆల్సో" కలుపుతోంది. ఫర్దర్‌మోర్, మోర్‌ఓవర్, ఇన్ అడిషన్ టు దట్ అని పేరాకొకటి బిగించనక్కర్లేదు. ఇంత చిన్న మెయిల్‌లో అవన్నీ పెడితే కంఠతా పట్టిన వాసన కొడుతుంది.

పొట్టి రూపాలు వద్దు: "డజంట్" బదులు "డజ్ నాట్", "ఐడ్" బదులు "ఐ వుడ్". ఆఫీసులో సహోద్యోగికి రాసేటప్పుడు పొట్టి రూపాలే సహజంగా ఉంటాయి, కాబట్టి అక్కడ వాడండి. ఒకే మెయిల్‌లో రెండూ కలపడమే అసలు తప్పు.

"షిఫ్ట్ టైమింగ్స్" అని మనం ఇక్కడ అందరం అంటాం. అక్కడ పని వేళలను "అవర్స్" అంటారు. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకు ప్రశ్న ఉందని, వాళ్లకు మీరు నమ్మడం లేదని. ప్రశ్న ఉంటే "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనండి. "రివర్ట్ బ్యాక్" బదులు "రిప్లై" అనండి. మన ఇంగ్లీష్ మాటలన్నీ తుడిచేయాలని నేను అనను, ఇక్కడ వాటితో పని జరుగుతోంది. కానీ ఈ మూడు మాత్రం కెనడా పాఠకుడిని ఆపేస్తాయి, అందుకే మార్చాలి.

6. అడగడం: మార్కులు ఎక్కువగా జారేది ఇక్కడే

ఒకే విన్నపాన్ని ఎన్ని మెట్లలో అడగొచ్చో చూడండి.

"కైండ్లీ చేంజ్ మై షిఫ్ట్." కైండ్లీ ఉన్నా ఇది ఆర్డరే, ఎందుకంటే వాక్యం చేంజ్ అన్న క్రియతో నడుస్తోంది. ప్లీజ్ పెట్టినా అంతే. "ఫారం మీద సంతకం పెట్టండి" లాంటి మామూలు పనులకు ఇది చెల్లుతుంది, మేలు కోరేటప్పుడు చెల్లదు.

"ఐ వాంట్ టు చేంజ్ మై షిఫ్ట్." మీకేం కావాలో తెలిసింది, ఆమెకు చోటు లేదు.

"కుడ్ యూ ప్లీజ్ చేంజ్ మై షిఫ్ట్ ఆన్ ట్యూస్‌డేస్?" ఇది బాగుంది. సహోద్యోగికీ మేనేజర్‌కూ సరిపోతుంది.

"వుడ్ ఇట్ బి పాసిబుల్ ఫర్ మీ టు కీప్ మై కరెంట్ అవర్స్ ఆన్ ట్యూస్‌డేస్?" మేనేజర్‌కు నేను వాడేది ఇదే. "వీలవుతుందా" అని అడిగారు కాబట్టి, ఆమె కాదన్నా వీలుకాలేదని చెప్పి తప్పుకోవచ్చు. ఇద్దరికీ పరువు దక్కుతుంది.

"ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ పాసిబ్లీ బి సో కైండ్ యాజ్ టు కన్సిడర్..." ఇక్కడ మర్యాద మరీ ఎక్కువైంది. చదివేవాళ్లకు మీరు భయపడుతున్నట్టో, మనసులో ఏదో పెట్టుకుని అడుగుతున్నట్టో అనిపిస్తుంది. ఒక వాక్యంలో మెత్తబరిచే మాట ఒకటి, మహా అయితే రెండు. మూడోది వచ్చిందంటే కొట్టేయండి.

మన మెయిల్‌లో అడిగే పేరా ఇది:

"వుడ్ ఇట్ బి పాసిబుల్ ఫర్ మీ టు కీప్ మై కరెంట్ అవర్స్ ఆన్ ట్యూస్‌డేస్ అండ్ థర్స్‌డేస్ అండ్ వర్క్ ద న్యూ షిఫ్ట్ ఆన్ ది అదర్ త్రీ డేస్? ఐ కుడ్ దెన్ హ్యాండిల్ ద మార్నింగ్ కంప్లెయింట్స్ ఆన్ దోజ్ టూ డేస్. ఇఫ్ దిస్ అరేంజ్‌మెంట్ వుడ్ నాట్ సూట్ ద టీమ్, ఐ వుడ్ బి గ్లాడ్ టు మీట్ విత్ యూ దిస్ వీక్ టు డిస్కస్ అదర్ ఆప్షన్స్."

మూడు వాక్యాలు మూడు పనులు చేస్తున్నాయి. మొదటిది అడుగుతుంది. రెండోది అందులో ఆమెకు, టీమ్‌కు ఏం లాభమో చెబుతుంది. మూడోది కుదరకపోతే ఏం చేద్దామో చెబుతుంది. కాదనడానికి చోటు ఇవ్వాలని మొదట్లో అన్నది ఈ మూడో వాక్యం గురించే. చాలామంది రెండోదాన్నీ మూడోదాన్నీ వదిలేసి, వాటి చోట "ఐ విల్ బి హైలీ ఆబ్లైజ్డ్" అని పెడతారు. మీరు ఎంత రుణపడి ఉంటారో కన్నా ఉదయం కాల్స్ ఎవరు ఎత్తుతారో మేనేజర్‌కు ముఖ్యం.

ఇంకో జాగ్రత్త: "డిస్కస్" తర్వాత "అబౌట్" రాదు. ఈ పేరాలో దాదాపు అందరి చేయీ జారే చోటు అది.

7. ముగింపు

"థాంక్యూ ఫర్ కన్సిడరింగ్ దిస్. ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ." తర్వాతి లైన్‌లో "సిన్సియర్లీ," కింద పూర్తి పేరు.

"థాంకింగ్ యూ" అని వాక్యం సగంలో వదలకండి. "యువర్స్ ఒబీడియంట్లీ" అసలే వద్దు. "థాంక్స్ ఇన్ అడ్వాన్స్" అంటే ఆమె ఒప్పుకున్నట్టే మీరు అనుకున్నారని అర్థం వస్తుంది, అడిగే మెయిల్‌లో అది ఇరుకున పెడుతుంది. సహోద్యోగికైతే "బెస్ట్ రిగార్డ్స్" లేదా ఒట్టి "థాంక్స్" బాగుంటుంది. పేరు మీ అసలు పేరే కానక్కర్లేదు, కానీ ఇంటిపేరు కూడా ఉండాలి. సంబోధనలో మిజ్ కార్టర్ అని, కింద ఒట్టి చిన్నీ అని రాస్తే టోన్ విరిగిపోతుంది.

8. పొడవు చూసుకోండి

పైన కట్టిన మెయిల్‌ను ఇంగ్లీష్‌లో టైప్ చేస్తే సంబోధన నుంచి రెండు మాటల సంతకం దాకా 195 పదాలు. మొదటి పేరా 39, క్లాసు గురించి 49, ఉదయం కాల్స్ గురించి 31, అడిగే పేరా 58. మిగతావి సంబోధన, ముగింపు, పేరు. అడిగే పేరాకే అందరికన్నా పెద్ద వాటా దక్కిందని చూడండి. మీ మెయిల్‌లో మొదటి పేరా అన్నిటికన్నా పెద్దదిగా ఉంటే ఉపోద్ఘాతంలోనే ఊపిరి అయిపోయిందని లెక్క.

పదాల లెక్క స్క్రీన్ మీదే కనిపిస్తుంది. 170 నుంచి 195 మధ్య ఆపండి. 150 కన్నా తగ్గితే ఏదో పాయింటు పలచబడిపోయి ఉంటుంది. అప్పుడు విశేషణాలు చేర్చకుండా, ఏ పాయింటుకు కారణం చెప్పలేదో వెతికి ఆ కారణం చేర్చండి. 200 దాటితే ముందు కొట్టేయాల్సినవి "ఐ వుడ్ లైక్ టు ఇన్‌ఫార్మ్ యూ దట్" లాంటి తలపాగాలు. వివరాల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

9. చివరి ఐదు నిమిషాలు

27 నిమిషాలు అయిపోగానే స్క్రీన్ దానంతటదే రెండో టాస్కుకు వెళ్లిపోతుంది, వెనక్కి రావడం కుదరదు. అందుకే 22వ నిమిషానికి రాయడం ఆపి, ఈ వరుసలో చూడండి.

మొదట ప్రశ్న మళ్లీ చదవండి, మీ మెయిల్ కాదు. మూడు పాయింట్లకు జవాబిచ్చిన వాక్యాన్ని ఒక్కోదానికి వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే మిగతా దిద్దుబాట్లు పక్కన పెట్టి ముందు ఆ వాక్యం రాయండి.

తర్వాత అడిగిన వాక్యం చూడండి. అందులో కైండ్లీ ఉందా? క్రియతో మొదలవుతోందా? అయితే "వుడ్ ఇట్ బి పాసిబుల్" లేదా "కుడ్ యూ" తో తిప్పి రాయండి. చివర ప్రశ్నార్థకం పెట్టడం మరవద్దు, చాలామంది ఫుల్‌స్టాప్ పెట్టేస్తారు.

ఆఖరున స్పెల్లింగ్. పరీక్షలో స్పెల్ చెకర్ ఉంటుంది, తప్పు పదం కింద గీత వస్తుంది. కానీ ఒక పదం బదులు ఇంకో సరైన పదం టైప్ చేస్తే అది పట్టుకోదు. మన మెయిల్‌లోనే అలాంటిది ఒకటుంది: సీటు పోగొట్టుకోవడానికి రాసే lose లో ఒకే ఓ ఉంటుంది. loose అని రాస్తే వదులు అని అర్థం, గీత రాదు. than, then విషయమూ అంతే. a, the లు ఎక్కడ వదిలేశారో కూడా ఈ చదువులోనే దొరుకుతాయి, మన చేతికి అవి అలవాటు లేవు కాబట్టి వాటికోసమే ఒకసారి కళ్లు తిప్పండి.

ఫిర్యాదు మెయిల్ వస్తే

మెయిల్ కట్టే తీరు ఇదే, రెండు చోట్ల మారుతుంది. మొదటి పేరాలో అంగీకారం బదులు వాస్తవాలు పెట్టండి: ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏం జరిగింది. అడిగే చోట "వుడ్ ఇట్ బి పాసిబుల్" మరీ మెత్తగా ఉంటుంది, ఎందుకంటే ఇది మీకు రావాల్సిందే. అక్కడ "ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్ యూ కుడ్ రీప్లేస్ ద సోఫా బై ఫ్రైడే" అనండి. గట్టిదనం గడువులో ఉంటుంది, కోపం మాటల్లో కాదు. "వర్స్ట్ సర్వీస్", "చీటింగ్", "కన్స్యూమర్ కోర్టుకు వెళ్తా" లాంటివి రాస్తే టోన్ దగ్గరే పోతుంది. నిరాశ చెప్పాలంటే "ఐ యామ్ డిసప్పాయింటెడ్ దట్" తో ఒక్క వాక్యం చాలు. ఆ వెంటనే ఏం కావాలో చెప్పండి.

పీటీఈ కోర్ రాసేవాళ్లకు

పీటీఈ కోర్ అనే ఇంకో ఇంగ్లీష్ పరీక్షను కూడా కెనడా 2024 నుంచి ఒప్పుకుంటోంది, హైదరాబాద్‌లో చాలామంది అటు వెళ్తున్నారు. అక్కడ ఇమెయిల్‌కు 9 నిమిషాలే, పదాలు 120 దాటకుండా చూసుకోవాలి. పై మెయిల్‌ను కుదించాలంటే మొదటి పేరాలో మొదటి వాక్యం మాత్రం ఉంచండి, క్లాసు గురించి మొదటి రెండు వాక్యాలు, ఉదయం కాల్స్ గురించి రెండో వాక్యం, అడిగే ప్రశ్న, థాంక్యూ ఉంచండి. టోన్ సంగతులన్నీ అక్కడా ఇలాగే వర్తిస్తాయి.

ఇంట్లో రాసినది సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

మొదట్లో చెప్పిన మనిషి పని ఇప్పుడు. ఆయనకు ప్రశ్న చూపించకండి. మీ మెయిల్ మాత్రం ఇచ్చి ఒకసారి చదవమనండి, తర్వాత కాగితం వెనక్కి తీసుకుని నాలుగు ప్రశ్నలు అడగండి. రాసినవాళ్లకు, చదివేవాళ్లకు సంబంధం ఏమిటి? రాసినవాళ్లకు ఏం కావాలి? ఎందుకు కావాలి? రాసినవాళ్లు కోపంగా ఉన్నారా, బతిమాలుతున్నారా, మామూలుగా అడుగుతున్నారా?

మొదటిదానికి తడబడితే సంబోధన, సంతకం, పొట్టి రూపాలు చూసుకోండి. రెండోదానికి తడబడితే అడిగిన వాక్యం ఎక్కడో పేరా మధ్యలో దాక్కుని ఉంటుంది, దాన్ని పేరా మొదటికి తీసుకురండి. మూడోదానికి తడబడితే మీ కారణం "పర్సనల్ రీజన్స్" లాంటిదే అయి ఉంటుంది. నాలుగోదానికి "బతిమాలుతున్నారు" అంటే మెత్తబరిచే మాటలు లెక్కపెట్టి కొట్టేయండి, "కోపంగా ఉన్నారు" అంటే క్రియతో మొదలైన వాక్యాలు వెతకండి. దిద్దాక అదే మెయిల్ మళ్లీ ఆయనకే ఇవ్వకండి, విషయం ముందే తెలిసిపోయింది కాబట్టి ఆయన జవాబులు ఇక పనికిరావు. ఇంకొకరికి ఇవ్వండి.